దేవుని కడప నుంచి తిరుమలకు నడక: మజిలీకి పది కిలోమీటర్లు చాలు

కడపలో పుట్టినవాళ్లకు తిరుమల నడక దేవుని కడప గుడి దగ్గరే మొదలవుతుంది. కొండకు పోయే దారికి గడప ఇదేనని మా పెద్దలు చెప్తూ వచ్చారు. మా పెద్దమ్మ వయసు 71, మామ వయసు 74. మొక్కు వాళ్లిద్దరిదీ. వాళ్లతో పాటు అరవై దాటినవాళ్లు ఇంకో ముగ్గురు, చిన్నవాళ్లం నలుగురం. రథసప్తమి తేరు అయిన మూడోరోజు బయల్దేరి, ఇరవయ్యో రోజు కొండెక్కాం.

ఇరవై రోజులా అని చాలామంది అడిగారు. కడప నుంచి తిరుపతి రోడ్డు మీద దాదాపు 140 కిలోమీటర్లు. వయసులో ఉన్నవాళ్లు ఐదారు రోజుల్లో నడిచేస్తారు. పోయినేడు మేమూ అదే లెక్క వేశాం: మొదటిరోజు ఒంటిమిట్ట, రెండోరోజు రాజంపేట. ఒక్కొక్కటి 26 కిలోమీటర్లు. రెండూ పెద్ద చోట్లే, గదులు దొరుకుతాయి, చూడ్డానికి లెక్క చక్కగా కుదిరింది. ఒంటిమిట్ట చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మర్నాడు నందలూరు దగ్గర పెద్దమ్మ మోరీ గట్టు మీద కూర్చుని మళ్లీ లేవలేకపోయింది. అక్కడి నుంచి బస్సెక్కి కడపకు తిరిగొచ్చేశాం. ఆ తప్పు నాది. గది ఎక్కడ దొరుకుతుందో చూసి దూరం పెట్టాను, కాళ్లు ఎంత మోస్తాయో చూడలేదు.

ఈసారి ముందు కాళ్లను కొలిచాం. బయల్దేరే నెల ముందు అందరం వరుసగా రెండు రోజులు పొద్దున్నే రెండేసి గంటలు నడిచాం. మొదటిరోజు నడక లెక్కలోకి తీసుకోలేదు, ఉత్సాహంలో ఎవరైనా నడుస్తారు. రెండోరోజు, రెండో గంటలో, అందరికంటే వెనక ఉన్న మనిషి ఎంత నడిచారన్నదే అసలు లెక్క. మాలో అది మామ, గంటకు 3 కిలోమీటర్లు. ఫిబ్రవరిలో మా వైపు ఆరుంపావుకు దారి కనబడుతుంది. పదింపావు దాటితే ఎండ నెత్తికెక్కుతుంది. అంటే చేతిలో ఉన్నది నాలుగు గంటలు. అందులో కూర్చునే సమయం 40 నిమిషాలు పోతే మిగిలేది మూడు గంటల ఇరవై నిమిషాలు. అంటే పది కిలోమీటర్లు. ఇంకా తెల్లవారుజామునే లేచి మరో నాలుగు నడవచ్చుగా అని మా బావమరిది అన్నాడు. ఆ రోడ్డు మీద రాత్రంతా లారీలు తిరుగుతాయి. చీకట్లో పెద్దవాళ్లను ఆ అంచున నడిపించడానికి నాకు మనసొప్పలేదు. వెలుతురులో కూడా ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపునే నడిచాం.

పది కిలోమీటర్ల దగ్గర ఊరుండదు, గది ఉండదు. దీనికి మేం చేసిన పని చాలా చిన్నది. నడక ఎక్కడ ఆగితే అక్కడి కిలోమీటరు రాయిని ఫోటో తీసుకోవడం, ఆటోలో గదికి పోవడం, మర్నాడు మళ్లీ అదే రాయి దగ్గర దిగి నడక మొదలుపెట్టడం. మొదటి రెండు రాత్రులు కడపలో మా ఇంట్లోనే పడుకున్నాం. మొక్కుకు లోపమేమో అని పెద్దమ్మ మొదట సందేహపడింది. "ఒక్క అడుగు కూడా బండి మీద ముందుకు పోలేదు కదమ్మా, ఆగిన చోటే అడుగు పెడుతున్నాం" అని మామ చెప్పాక ఊరుకుంది. మూడోరోజు నుంచి తనే రాయిని చేత్తో తాకి, దండం పెట్టుకుని నడక మొదలుపెట్టేది.

కడప నుంచి ఒంటిమిట్ట 26 కిలోమీటర్లను 10, 10, 6గా విడగొట్టాం. గుడి చేరే రోజుకు కావాలనే తక్కువ దూరం పెట్టాం. క్యూలో నిలబడటం, చెప్పులు లేకుండా రాతి మీద తిరగడం నడకకు తక్కువేమీ కాదు. ఎనిమిదిన్నరకల్లా కోదండరాముడి గుడికి చేరాం. పొద్దున చల్లదనంలో నింపాదిగా దర్శనం అయింది. ఒకే శిలలో ఉన్న సీతారామలక్ష్మణులను పెద్దమ్మ ఎంతసేపు చూసిందో. పోయినేడు ఆమె అదే గుడిలో స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చుంది.

ఒంటిమిట్ట నుంచి రాజంపేటకు 10, 6, 10. మధ్యలో ఉన్న ఆ ఆరు నందలూరు కోసం. చెయ్యేరు గట్టున ఉన్న సౌమ్యనాథస్వామి గుడి విశాలంగా, నీడగా ఉంటుంది, జనం తక్కువ. దారి మొత్తంలో పెద్దవాళ్లకు అనువుగా ఉందని నాకు బాగా నచ్చిన చోటు అదే.

దూరం కంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది మరుగుదొడ్డి. నాలుగోరోజు పొద్దున పెద్దమ్మ సీసా నిండుగానే ఉంది. మూత తీసి పెదాలు తడుపుకుని మళ్లీ బిగిస్తోంది. అడిగితే "దారిలో ఎక్కడికి పోయేది, అందుకే తాగలా" అంది. అప్పటికే తల తిరుగుతోందని కూర్చుంది. ఆ రోజు నుంచి కూర్చునే చోట్లను కిలోమీటర్ల ప్రకారం పెట్టడం మానేశాం. ముందురోజు సాయంత్రం నేను ఆటోలో పోయి పెట్రోలు బంకులు చూసి వచ్చేవాణ్ని: తలుపు గడియ పడుతుందా, నీళ్లొస్తాయా, మెట్లున్నాయా. బంకు నుంచి బంకుకు నడక. ఒక బంకు మూడు కిలోమీటర్ల దగ్గర, ఇంకోటి ఐదు దగ్గర ఉంటే ఆ రోజు లెక్క దాన్నిబట్టే మారేది. ఆడవాళ్లు నీళ్లు తాగడం మొదలుపెట్టాక తల తిరగడం మళ్లీ రాలేదు.

ఆటో రోజుకు 1,200 రూపాయలకు మాట్లాడుకున్నాం. ఖర్చుల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. అయితే ఆటో వెంటే వస్తుంటే నడిచేవాళ్ల మనసు దాని మీదికే పోతుంది. అందుకే రెండు కిలోమీటర్లు ముందుకు పోయి ఆగమన్నాం. అందులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల క్యాన్, చెనిక్కాయలు, బెల్లం. కుర్చీలు తప్పనిసరి. నేల మీద కూర్చుంటే మోకాళ్లు పట్టేసి, లేవడానికే సగం బలం పోతుంది.

విశ్రాంతి రోజు గుడి ఉన్న ఊళ్లో పెట్టకూడదని మా అనుభవం. పక్కన గుడి ఉంటే పెద్దవాళ్లు గదిలో ఉండరు, రెండు పూటలా పోయి వస్తారు. అందుకే ఒంటిమిట్టలో కాకుండా రాజంపేటలో ఆగాం. అక్కడ డాక్టర్లున్నారు, మందుల షాపులున్నాయి. గది విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. ఫోన్‌లో కింది అంతస్తు అని చెప్పిన లాడ్జివాళ్లు తీరా పోయాక రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. గంట వెతికి ఇంకోచోట కింద గది పట్టాం. అద్దె ఎక్కువ, గది చిన్నది. అయినా కుర్చీలా కూర్చునే టాయిలెట్, వేడినీళ్లు ఉన్నాయి. నడిచి వచ్చిన మోకాళ్లకు అవి రెండే కావాలి.

రోజూ సాయంత్రం పాదాలు చూసేవాళ్లం. మామకు షుగర్, అరికాళ్లలో స్పర్శ తక్కువ, బొబ్బ లేచినా ఆయనకు తెలీదు. మాత్రల మోతాదు, నడిచే పూట ఏం తినాలన్నది బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడాం. వేళ్ల సందులు, మడమ, అరికాలు టార్చి వేసి చూడటం నా పని. కాలి ముందు ఎముక దగ్గర బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే నీరు దిగినట్టు. రెండు కాళ్లకూ కొంచెం ఉంటే కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకుని, పొద్దున మళ్లీ చూసేవాళ్లం. పొద్దుటికీ తగ్గకపోయినా, ఒక్క కాలికే వాపు ఉన్నా, పిక్క నొప్పి పుట్టినా నడక ఆపి డాక్టరు దగ్గరికే అని ముందే అనుకున్నాం. ఇంకో గుర్తు పొద్దున నడకలో దొరుకుతుంది. లేచినప్పుడు కాళ్లలో ఉండే బిగుతు మొదటి పది నిమిషాల్లో సర్దుకుంటే సరే, లేకపోతే ఆ రోజు సగం దూరమే.

రాజంపేట నుంచి రైల్వే కోడూరు 36 కిలోమీటర్లు. 10, 10, 10, 6 పెట్టాం. ఇక్కడే నా లెక్క మళ్లీ తప్పింది. వరుసగా మూడు పదులు ఎక్కువయ్యాయి. మూడోరోజు సాయంత్రం పెద్దమ్మ రెండు పాదాలకూ గుంటలు పడ్డాయి. పొద్దుటికి తగ్గినా నాలుగోరోజు మూడే నడిచాం. మిగిలిన మూడు కోడూరులో విశ్రాంతి అయ్యాక, ఆ మర్నాడు నడిచాం. అలా ఒక రోజు పెరిగింది.

కోడూరు నుంచి తిరుపతికి 50. అందుకే 11, 11, 6, 11, 11 చేశాం, మధ్యలో చిన్న రోజు పడేలా. బాలుపల్లె వైపు అడవి, దారిలో ఇళ్లు తక్కువ. అక్కడ ఆటోను ఇంకా దగ్గరగా, కిలోమీటరుకు ఒకసారి ఆపించాం. మొదటి రెండు రాత్రులు కోడూరులో, తర్వాత తిరుపతిలో ఒకే గదిలో ఉన్నాం. రోజూ మూటలు కట్టే పని తప్పింది.

తిరుపతిలో ఒక పూర్తి రోజు ఆగాకే కొండ. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లే, కానీ దాదాపు అన్నీ మెట్లే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. గాలిగోపురం వరకు ఎక్కుడు గట్టిగా ఉన్నా, ఆ తర్వాత చాలాదూరం చదునుగా నడవచ్చు, నీడా ఉంటుంది, కూర్చునే చోట్లూ ఉంటాయి. పెద్దవాళ్లకు అలిపిరే మేలు. సామాను కింద అప్పజెప్పేస్తే పైకి వాళ్లే చేరుస్తారు, డబ్బు తీసుకోరు. పెద్దమ్మ ఇరవై మెట్లకోసారి ఆగుతూ మధ్యాహ్నం రెండింటికి పైకి చేరింది. మామను ఆ ముందురోజే డాక్టరు మెట్లు వద్దన్నారు. అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కళ్లు తుడుచుకుని ఆయన బస్సెక్కారు. దిగేటప్పుడు అందరం బస్సులోనే వచ్చాం. దిగే మెట్లే మోకాళ్లను ఎక్కువ నొప్పిస్తాయి.

మళ్లీ పోయేటప్పుడు రాజంపేట, కోడూరు మధ్య పుల్లంపేట దాటాక ఇంకో విశ్రాంతి రోజు పెడతాను. ఆ రాత్రి బసకు మాత్రం రాజంపేట గదికే తిరిగి వస్తాం.