మోతాదు పెంచడమా, రెండో మందు చేర్చడమా?

పర్లాకిమిడి బజారులో కొట్టు నడిపే ఒక పెద్దాయన రోజూ 5 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నా బీపీ 156/96 దగ్గరే నిలిచిందనుకుందాం. వైద్యుడి ముందు రెండు దారులున్నాయి.

మొదటిది అదే మాత్రను 10 మిల్లీగ్రాములకు పెంచడం. ఆమ్లోడిపిన్ సన్నని ధమనుల గోడల్లోని కండరాలలోకి కాల్షియం చేరకుండా ఆపి వాటిని వదులు చేస్తుంది. మోతాదు రెట్టింపైతే ఫలితం రెట్టింపు కాదు, పీడనం ఇంకాస్త మాత్రమే దిగుతుంది. పాదాల వాపు మాత్రం బాగా పెరుగుతుంది, ఎందుకంటే ధమనులు తెరుచుకున్నంతగా సిరలు తెరుచుకోక, కేశనాళికల నుంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. సాయంత్రానికి చీలమండల మీద చెప్పు పట్టీల అచ్చు పడుతుంది.

రెండోది 5 మిల్లీగ్రాములనే ఉంచి, 40 మిల్లీగ్రాముల టెల్మిసార్టాన్ చేర్చడం. ఒక దారి మూస్తే శరీరం మరో దారిన పీడనాన్ని నిలబెట్టుకోవాలని చూస్తుంది. రక్తనాళాలను బిగించే ఆంజియోటెన్సిన్ పనిని టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది కనుక ఆ దారీ మూసుకుంటుంది. పైగా అది సిరల వైపు నాళాలనూ సడలించి వాపును తగ్గిస్తుంది. నీటి మాత్రలు ఈ వాపుకు అంతగా పనిచేయవు. ఇలాంటి వారికి నేను రెండో దారినే సమర్థిస్తాను.

అయితే టెల్మిసార్టాన్ గర్భిణులకు పనికిరాదు. మొదలుపెట్టిన కొద్ది వారాల్లో రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.