ఒడిసెల దెబ్బ తగ్గించాలా, మిగతావి పెంచాలా, రెండూ వద్దా? (1.3 అప్‌డేట్ నోట్స్)

ముందే చెప్పేస్తున్నా, మంచె మీంచి పందుల్నీ చిలకల్నీ తరిమే మన గేమ్‌ని 120 హెర్ట్జ్ ఫోన్లో ఆడేవాళ్ళకి ఈ అప్‌డేట్ తర్వాత ఒడిసెల నెమ్మదైపోయినట్టు అనిపిస్తుంది. నిజంగానే నెమ్మదైంది, కానీ దాని దెబ్బ నేను తగ్గించలేదు.

గత నెలంతా మీరందరూ పెట్టిన కంప్లయింట్ ఒకటే కదా, మంచె మీద కూర్చుని ఒడిసెల ఒక్కటి పట్టుకుంటే చాలు, రేకు డబ్బా, టపాకాయ ఎందుకూ పనికిరావట్లేదని. అందుకని 12 ఉన్న ఒడిసెల దెబ్బని 10కి దించుదామని కూర్చున్నా. తీరా నా పాత ఫోన్లో ఆడి చూస్తే పంది అసలు పారిపోదే! పంది పారిపోవాలంటే భయం 60కి చేరాలి, అంటే 12 చొప్పున 5 రాళ్ళు చాలు, రాయికీ రాయికీ మధ్య అర సెకను, మొదటి రాయి నుంచి లెక్కేస్తే 2 సెకన్లలో పోవాలి. నా ఫోన్లో 4 పట్టింది. తమ్ముడి 120 హెర్ట్జ్ ఫోన్లో మాత్రం 1 సెకనే.

అప్పుడు వెలిగింది. రాళ్ళ మధ్య గ్యాప్‌ని నేను సెకన్లలో కాదు, ఫ్రేముల్లో లెక్కపెట్టా, 30 ఫ్రేములని. సెకనుకి 60 ఫ్రేములొస్తే అది అర సెకను, 120 వస్తే పావు సెకను, 30 వస్తే నిండు సెకను. అంటే ఒక్కో ఫోన్లో ఒక్కో ఒడిసెల అన్నమాట.

దీన్ని సరిచేయడానికి రెండు దారులు. గోడో ఇంజిన్లో ఒక్క లైనుతో 60 దగ్గర లాక్ చేసేయొచ్చు:

```gdscript
Engine.max_fps = 60
```

సులువే, కానీ ఇది పైనున్నవాళ్ళని కిందకి లాగుతుంది తప్ప 30 ఫ్రేముల పాత ఫోన్లని పైకి తేలేదు, పైగా ఖరీదైన స్క్రీన్ కొన్నవాళ్ళకి ఆ స్మూత్‌నెస్ కూడా పోతుంది. రెండోది, తర్వాతి రాయికి ఆగాల్సిన టైము, అంటే కూల్‌డౌన్‌లోంచి, ప్రతి ఫ్రేముకి ఒకటి తీసేసే బదులు గడిచిన టైమునే తీసేయడం:

```gdscript
cooldown -= delta
```

ఇదే పెట్టా. మొదటిసారి పెట్టినప్పుడు ఒక కామెడీ జరిగింది, ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా కూల్‌డౌన్ మైనస్‌లోకి దిగిపోతూనే ఉంది, తర్వాత వేలు పెట్టగానే పాత బాకీ అంతా ఒకేసారి తీర్చుకున్నట్టు రాళ్ళ వాన కురిసింది. ఇప్పుడు వేలు తీసేస్తే సున్నా దగ్గర ఆగుతుంది.

సరే, బగ్ పోయింది, మరి బ్యాలెన్స్? ఇక్కడే మూడు పందుల లెక్క చూడండి. ఒడిసెలతో అయితే 15 రాళ్ళు, 7 సెకన్లు. డబ్బా ఒక్కో మోతకి 15 భయం, 2 సెకన్లకోసారి మోగుతుంది, కానీ చుట్టూ ఉన్న అన్ని పందులకీ ఒకేసారి తగులుతుంది కాబట్టి నాలుగు మోతలు, 6 సెకన్లలో మూడూ పరుగే. అదే పాత బగ్‌తో 120 హెర్ట్జ్‌లో ఒడిసెలకి మూడున్నర సెకన్లే పట్టేది, ఇంక డబ్బా ఎవడు ముట్టుకుంటాడు చెప్పండి. అంటే డబ్బా ఎప్పుడూ బాగానే ఉంది, బగ్ దాన్ని తొక్కేసింది. ఒకటి రెండు పందులైతే ఒడిసెల, మూడైతే డబ్బా, నాకు కావాల్సింది ఇదే.

అయినా 10కి దించితే పోయేదేముంది అంటారా, చిలకలు పోతాయి. చిలకకి భయం 12, ఇప్పుడు ఒక్క రాయికే ఎగిరిపోతుంది, 10 చేస్తే రెండు రాళ్ళు కావాలి. పందికి ఒక రాయే పెరుగుతుంది, చిలకల గుంపుకి మాత్రం రాళ్ళు డబల్. గేమ్ మొదటి పావుగంట అంతా చిలకలే కదా, కొత్తవాళ్ళు అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. పోనీ మిగతావన్నీ పెంచుదామంటే పందులు మరీ తేలిగ్గా పారిపోతాయి, అప్పుడు పంది భయం పెంచాలి, అది పెంచితే ఒడిసెల చాలదు, మళ్ళీ మొదటికొస్తాం.

కాబట్టి మార్చిన నంబర్ ఒక్కటే, టపాకాయ 40 నుంచి 48. ఇంతకుముందు టపాకాయ పేల్చాక కూడా పందికి రెండు రాళ్ళు కావాల్సి వచ్చేది, ఇప్పుడు 48 ప్లస్ 12, కరెక్టుగా 60, ఒక్క రాయితో పోతుంది. ఒంటరిగా పేలిస్తే మాత్రం పాతలాగే రెండు కాయలు కావాలి.

ఈ ఒడిసెల సంగతిని బగ్స్ లిస్టులో వేస్తే సరిపోయేది, ఎందుకంటే అది బగ్గే. కానీ ఆడేవాళ్ళ చేతికి తెలిసేది వేగం తగ్గడమే, లిస్టులో కింద పడేస్తే చెప్పకుండా నెర్ఫ్ చేశాడంటారు, అందుకే పైన పెట్టా.

మిగతావి చిన్నవే. మంచె నిచ్చెన మధ్యలో గేమ్ పాజ్ చేస్తే కింద పడిపోవడం ఆగింది, వానలో టపాకాయ తుస్సుమన్నా లెక్కలోంచి తగ్గిపోయేది, ఇప్పుడు తగ్గదు. కుక్క ఇంకా జొన్న చేలో ఇరుక్కుంటోంది, అది 1.4లో చూస్తా.