జాక్ హెడ్‌సెట్టా, యూఎస్‌బీనా, బ్లూటూతా? గేమ్‌లో మాట తిరిగి రాకుండా ఉండాలంటే ఏది మేలు?

"అన్నా, నా మాటే నాకు మళ్లా వినిపిస్తా ఉంది. మీ పక్క ఎవురిదో మైక్ బాగలేదు" అని చిత్తూరు నుంచి మా చిన్నాన్న కొడుకు మొత్తుకుంటే, నేను తిరుపతిలో కూర్చుని తాపీగా "మాకేం వినపడటం లేదే, నీ హెడ్‌సెట్టే పోయుంటుంది, చూసుకో" అన్నాను. పాపం వాడు రెండు రోజులు వైర్లు పీకి, పెట్టి, చివరికి కొత్త హెడ్‌సెట్ కూడా కొన్నాడు. ప్రతిధ్వని పోలేదు. ఎందుకు పోతుంది, తప్పు నాదైతే?

వాయిస్ చాట్‌లో మనిషి తన గొంతు తాను వింటున్నాడంటే, అతని మాట అవతలి వాళ్ల చెవుల దాకా వెళ్లి, అక్కడ ఎవరి మైక్‌లోనో దూరి, మళ్లీ అతని దగ్గరికే వచ్చిందన్నమాట. అంటే బాధ పడేవాడు ఒకడు, కారణం ఇంకొకడు. ఆ కారణమైనవాడికి మాత్రం అంతా శుభ్రంగానే వినిపిస్తుంది. అందుకే ఎవరూ ఒప్పుకోరు.

దొంగను పట్టడం సులభమే. డిస్కార్డ్‌లో మాట్లాడేవాళ్ల బొమ్మ చుట్టూ ఆకుపచ్చ గీత వెలుగుతుంది కదా. ఒక్కరిని ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమని, మిగతా అందరూ మైక్ ఆన్‌లోనే ఉంచి నోరు మూసుకోవాలి. ఆ మనిషి లెక్కపెడుతున్నప్పుడు ఇంకెవరి బొమ్మ వెలిగితే, కారుతున్నది వాళ్ల దగ్గరే. మా తమ్ముడు లెక్కపెడుతుంటే నా బొమ్మ టపటపా వెలిగింది. నేను వాడేది చెవులు పూర్తిగా మూసే హెడ్‌సెట్. స్పీకర్ కాదు, సౌండ్ పెద్దగా కూడా లేదు. మరి ఎలా వెళ్తోంది?

లాప్‌టాప్ స్పీకర్లు పెట్టుకుని, దాని మైక్‌తోనే మాట్లాడే పద్ధతిని ఈ పోలికలో చేర్చడం లేదు. దానికి ప్రతిధ్వని రావడం వింత కాదు. పైగా అలాంటివాళ్లు ఇద్దరు ఒకే చాట్‌లో ఉంటే, ఒకరి స్పీకర్ శబ్దం ఒకరి మైక్‌లోకి పోతూ, ప్రతి చుట్టుకీ పెరుగుతూ కూతగా మారుతుంది. పెళ్లి పందిట్లో మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకొచ్చినవాడి కథే అది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ కూత దాదాపు పోతుంది. ప్రతిధ్వని మాత్రం అన్ని హెడ్‌సెట్లలో పోదు. ఏది కొనాలన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

నా హెడ్‌సెట్‌కు రెండు జాక్‌లు, ఒకటి చెవులకు, ఒకటి మైక్‌కు. లాప్‌టాప్‌కు ఉన్నది ఒక్క రంధ్రం. అందుకని వంద రూపాయలు పెట్టి ఒక స్ప్లిటర్ కొన్నాను. తప్పంతా దానిదే. రెండు జాక్‌లు కలిసి నాలుగు భాగాల ఒకే జాక్‌గా మారేచోట చెవుల కరెంటు, మైక్ కరెంటు వెనక్కి వెళ్లడానికి ఒకే గ్రౌండ్ తీగ ఉంటుంది. చవక స్ప్లిటర్‌లో ఆ తీగ వెంట్రుకంత సన్నం. చెవులకు వెళ్లే సిగ్నల్ బలమైనది, మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. తీగ సన్నమైతే బలమైన సిగ్నల్ తాలూకు చిన్న జాడ ఆ గ్రౌండ్ మీద పడి, అది మైక్ మాటలాగే లాప్‌టాప్‌లోకి వెళ్తుంది. గాలిలో ఏ శబ్దమూ ప్రయాణించలేదు. ప్రతిధ్వని వైర్‌లోనే పుట్టింది.

పైగా నా గొంతు చిన్నగా వినిపిస్తోందని ఎవరో అంటే, విండోస్‌లో Microphone Boost ను +20 dB కి పెంచి పెట్టాను. అది సిగ్నల్‌ను పది రెట్లు చేస్తుంది. నా గొంతుతో పాటు ఆ జాడా పది రెట్లయింది.

గాలిలో కారుతోందా, వైర్‌లో కారుతోందా తెలుసుకోవడానికి నేను చేసింది ఇది. హెడ్‌సెట్‌లో ఒక పాట పెట్టి, నోరు మెదపకుండా వాయిస్ రికార్డర్‌లో అర నిమిషం రికార్డ్ చేశాను. తర్వాత చెవి కప్పులను దిండు కింద గట్టిగా నొక్కిపెట్టి, మైక్ కాడను బయటికి వదిలి, అదే పాటను అదే సౌండ్‌తో మళ్లీ రికార్డ్ చేశాను. గాలిలో కారుతుంటే రెండోసారి పాట బాగా తగ్గాలి. నా రికార్డింగ్‌లో ఆవగింజంత కూడా తగ్గలేదు. దిండు వైర్‌ను ఆపలేదు కదా. స్ప్లిటర్ తీసేసి, ఒకే జాక్ ఉన్న మామూలు ఫోన్ ఇయర్‌ఫోన్ పెట్టి చూస్తే పాట దాదాపు మాయమైంది. అంటే లాప్‌టాప్ రంధ్రంలో తప్పు లేదు. ఎక్స్‌టెన్షన్ వైర్ వేసినా ఇదే గొడవ రావచ్చు, తీగ పొడుగయ్యేకొద్దీ జాడ పెరుగుతుంది.

జాక్ హెడ్‌సెట్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. మా పాత ఇంట్లో ప్లగ్ పాయింట్‌కు ఎర్త్ లేదు. చార్జర్ పెట్టి ఆడితే మైక్‌లో సన్నగా గుయ్యిమని 50 హెర్ట్జ్ మోత. చార్జర్ పీకితే పోయేది, లాప్‌టాప్ రేకు మీద చెయ్యి వేస్తే మారేది. ఈ రెండూ జరిగాయంటే అది ఎర్త్ సమస్యే, మైక్‌ను తిట్టి లాభం లేదు.

యూఎస్‌బీ హెడ్‌సెట్ దగ్గరికి వస్తే, సౌండ్ కార్డ్ దానిలోనే ఉంటుంది. మైక్ మాట అక్కడికక్కడే అంకెలుగా మారి లాప్‌టాప్‌కు వెళ్తుంది కాబట్టి, దారిలో చెవుల సిగ్నల్ జాడ దానిమీద పడే అవకాశం చాలా తక్కువ. చార్జర్ మోత కూడా మామూలుగా దగ్గరకు రాదు. లోపం ధరే. జాక్ దానికన్నా ఎక్కువ పెట్టాలి, ఫోన్‌లో ఆడేవాళ్లకు అంత వీలూ కాదు.

కానీ నేను యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనలేదు. రెండు రంధ్రాలున్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొన్నాను, వేలెడంత ఉంటుంది. చెవుల జాక్ దాని ఒక రంధ్రంలో, మైక్ జాక్ రెండోదానిలో. స్ప్లిటర్ చెత్తబుట్టలోకి. ఆ రాత్రి తమ్ముడు మళ్లీ ఇరవై దాకా లెక్కపెట్టాడు, నా బొమ్మ ఒక్కసారి కూడా వెలగలేదు. ఇప్పటికే మంచి జాక్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకు నా ఓటు దీనికే. కొనేముందు ఒక్కటి చూసుకోండి: రెండు వేర్వేరు రంధ్రాలు ఉండాలి. ఒకే రంధ్రం ఉన్నది తెచ్చుకుంటే మళ్లీ స్ప్లిటర్ కావాలి, కథ మొదటికొస్తుంది.

పెట్టగానే పనైపోదు. డిస్కార్డ్‌లో Input Device, Output Device రెండూ కొత్త కార్డ్‌కు మార్చాలి. Output ఒక్కటే మారిస్తే లాప్‌టాప్ మైక్ వెనకాల పని చేస్తూనే ఉంటుంది. అనుమానముంటే మైక్ మీద గోరుతో తట్టి, డిస్కార్డ్ మీటర్ కదులుతుందో లేదో చూడండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడేది మా రూమ్మేట్. వైర్ గొడవ లేదని వాడి ధీమా. పాటలకు అవి బ్రహ్మాండం, గేమ్ మాటలకు కాదు. మామూలు బ్లూటూత్‌లో పాటల దారి ఒకవైపే పోతుంది. మైక్ వాడిన క్షణమే అది ఫోన్ కాల్ దారికి మారుతుంది. అక్కడ గొంతును సెకనుకు 8,000 లేదా 16,000 సార్లు మాత్రమే కొలుస్తారు, వినేది కూడా మోనో అయిపోతుంది. సీడీ పాటలో ఆ లెక్క 44,100. అందుకే చాట్‌లో చేరగానే గేమ్ శబ్దం డబ్బాలో వేసినట్టవుతుంది. కుడి నుంచి వస్తున్నారా, ఎడమ నుంచి వస్తున్నారా అన్నది పోతుంది. వాలరంట్‌లో అడుగుల చప్పుడు వినలేకపోతే ఇక ఆడేదేముంది? ఆలస్యం కూడా తోడవుతుంది, "వెనకాల!" అని అరిచేలోపే మనవాడు పోతాడు. లాప్‌టాప్‌లోనూ ఇయర్‌బడ్స్‌లోనూ ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఉంటే ఇది మెరుగవుతుంది. మా రూమ్మేట్ దాంట్లో లేదు.

దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. ఇయర్‌బడ్స్‌ను వినడానికి మాత్రమే ఉంచి, Input Device గా లాప్‌టాప్ మైక్‌ను ఎంచుకోవచ్చు. అప్పుడు స్టీరియో నిలుస్తుంది, ఆలస్యం మాత్రం ఉంటుంది. కానీ మే నెల తిరుపతిలో ఫ్యాన్ అయిదో నంబరు కన్నా తక్కువలో ఎవరు తిప్పుతారు? లాప్‌టాప్ మైక్‌లో ముందు ఫ్యాన్, తర్వాత కీబోర్డ్, ఆ తర్వాతే మనిషి. నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉండే హెడ్‌సెట్ మైక్‌కు ఈ బాధ లేదు. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ మోత మాత్రం అంతే ఉంటుంది. మైక్‌ను నోటికి ఎదురుగా పెట్టకండి, ఊపిరి కొట్టి "ప" అన్నప్పుడల్లా ధబ్బుమంటుంది.

ఒకే గదిలో ఇద్దరు ఆడితే ఏ హెడ్‌సెట్టూ పూర్తిగా కాపాడదు. నా మాట రూమ్మేట్ మైక్‌లోనూ పడి, తమ్ముడికి రెండుసార్లు వినిపించేది. డిస్కార్డ్‌లో Input Sensitivity ను ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో పెట్టాం. రూమ్మేట్ మీటర్‌లో ఫ్యాన్ -60 దగ్గర, పక్కన నా గొంతు -45 దగ్గర, వాడి సొంత గొంతు -25 దగ్గర ఆడింది. ఎంత శబ్దం దాటితే మైక్ తెరుచుకోవాలో చెప్పే గీతను -38 దగ్గర పెట్టాం. నేను మామూలుగా మాట్లాడితే వాడి మైక్ తెరుచుకోవడం మానేసింది. అరిస్తే తెరుచుకుంటుంది, వాడు మాట్లాడుతున్నప్పుడు నేనూ మాట్లాడినా దూరుతుంది. గట్టిగా అరిచే అలవాటున్నవాళ్లకు Push to Talk ఒక్కటే దారి.

ఇవన్నీ చేశాక కూడా ఒకరోజు అందరి మాటా జంటగా వినిపించింది. హెడ్‌సెట్లన్నీ మళ్లీ విప్పబోయాం. చూస్తే తమ్ముడు డిస్కార్డ్‌తో పాటు గేమ్‌లోని పార్టీ వాయిస్ కూడా ఆన్ చేసుకున్నాడు. ఒకే మాట రెండు దారుల్లో, కాస్త తేడాతో వస్తోంది. అప్పుడు మాత్రం తప్పు వాడిదే. పాత రెండు రోజుల లెక్క నేను అలా సరిచేసుకున్నాను.

మా ఎండలకు, చెమటకు హెడ్‌సెట్ కుషన్ల పైతోలు ఒక్క వేసవిలోనే పొరలుగా లేచిపోతుంది. అది పోయిందంటే చెవి చుట్టూ సందు పడి శబ్దం నిజంగానే గాలిలో కారుతుంది, యూఎస్‌బీ అయినా అంతే. దిండు కింద పెడితే పాట తగ్గిందంటే కుషన్లు మార్చండి, కొత్త హెడ్‌సెట్ అక్కర్లేదు.