చెరిపేయనివ్వని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: రెండేళ్లు వాడాక

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా మామకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. లెక్కలు నేను చూస్తాను. ఈ సాఫ్ట్‌వేర్ వచ్చి రెండేళ్లు దాటింది. బార్‌కోడ్, ప్రింటర్, రోజువారీ అమ్మకం లాంటివి అన్నిటిలోనూ ఉంటాయి కాబట్టి వాటి గురించి రాయడం లేదు. నన్ను కట్టిపడేసింది ఒక్కటే: ఇందులో బిల్లును చెరిపే దారి లేదు. ‘రద్దు’ అని మాత్రమే ఉంటుంది.

మా కొట్టుకు ఇది ఎందుకు పెద్ద విషయమో చెప్పాలంటే బస్సుల సంగతి చెప్పాలి. యాత్రికులు గుంపుగా వస్తారు. కుందులు, గంటలు, హారతి పళ్ళేలు అన్నీ కౌంటర్ మీద పెట్టించి బిల్లు కొట్టిస్తారు. అంతలో గైడ్ వచ్చి ‘బస్సు కదులుతోంది’ అంటాడు. సామాను అక్కడే వదిలి అందరూ పరుగు. బిల్లు మాత్రం ప్రింటయి ఉంటుంది.

పాత సాఫ్ట్‌వేర్‌లో అలాంటి బిల్లును ఎంచి డిలీట్ కొట్టేవాళ్లం. శుభ్రంగా పోయేది. ఆ శుభ్రమే కొంప ముంచింది. ఒకసారి మా ఆడిటర్ మూడు నెలల బిల్లులు వరసగా చూసి, ‘మధ్యలో పదిహేడు నంబర్లు లేవు. అవి ఏమైనట్టు?’ అని అడిగారు. బస్సు కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘నేను నమ్ముతానప్పా. రేపు డిపార్ట్‌మెంట్ వాళ్లు అడిగితే? అమ్మి, డబ్బు తీసుకుని, లెక్కలోంచి తీసేశారనుకుంటే కాదని చూపించడానికి ఏముంది?’ అన్నారు. ఏమీ లేదు. ఏ నంబరు ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో నాకే తెలియదు.

అది సగమే. మేం ప్రతి బిల్లుకు రెండో కాపీ ప్రింట్ తీసి తీగకు గుచ్చుతాం. ఆయన ఆ కాగితాలు తిరగేస్తుంటే 3127 నంబరుతో రెండు బిల్లులు బయటపడ్డాయి. ఒకటి ముందురోజు రాత్రిది, ఇంకొకటి మర్నాడు పొద్దుటిది. మొత్తాలు వేరు, సామాను వేరు. మామ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కారణం తర్వాత తెలిసింది. పాత సాఫ్ట్‌వేర్ MySQL 5.7 డేటాబేస్ మీద నడిచేది. టేబుల్ వేసే ఆటో ఇంక్రిమెంట్ సంఖ్యనే బిల్లు నంబరుగా వాడుకున్నారు. ఆ వెర్షన్‌లో తర్వాతి సంఖ్య ఎంతో దాని నిల్వ ఇంజిన్ InnoDB మెమరీలో మాత్రమే పెట్టుకుంటుంది. సర్వర్ ఆగి మళ్లీ మొదలైతే, టేబుల్‌లో మిగిలిన పెద్ద సంఖ్యకు ఒకటి కలిపి అక్కడినుంచి లెక్క మొదలుపెడుతుంది. మేం రాత్రి చివరి బిల్లును తీసేసి కంప్యూటర్ ఆపేశాం. పొద్దున దానికి కనిపించిన పెద్ద నంబరు 3126. అందుకే మళ్లీ 3127 ఇచ్చింది. పగలు తీసేసిన బిల్లు ఖాళీగా మిగిలేది, రాత్రి చివరిది తీసేస్తే జంట పుట్టేది. MySQL 8.0 నుంచి ఆ సంఖ్యను డిస్కు మీద కూడా రాస్తారు కాబట్టి జంటలు పుట్టవు, ఖాళీలు మాత్రం అలాగే ఉంటాయి.

కొత్తదాంట్లో బిల్లు రాస్తున్నంతసేపూ నంబరు ఉండదు. చిత్తుగానే ఉంటుంది. చిత్తును వదిలేస్తే తెర మీదనుంచి దాగుతుందే గానీ లోపల ఉంటుంది. నంబరు లేదు గనక దానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ‘ఖరారు’ నొక్కినప్పుడే నంబరు పడుతుంది. నంబరు తీసుకోవడం, బిల్లు భద్రపరచడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతాయి. మధ్యలో కరెంటు పోతే రెండూ జరగనట్టే, నంబరు వృథా కాదు. ఆ తర్వాత రద్దు చేస్తే నంబరు, సామాను, మొత్తం అన్నీ ఉన్నచోటే ఉంటాయి. పక్కన సమయం, ఎవరు చేశారు, ఎందుకు అన్నవి చేరతాయి. సామాను స్టాకులోకి తిరిగి వెళుతుంది.

2024 అక్టోబర్, బ్రహ్మోత్సవాల నెల. ఆ నెల బిల్లులు B/24-25/004211 నుంచి B/24-25/005398 వరకు. మొత్తం 1188, రద్దయినవి 23, మిగిలినవి 1165. అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక అడిగేది సరిగ్గా ఇదే: ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, మొత్తం ఎన్ని, రద్దు ఎన్ని, నికరం ఎన్ని. ఇంతకుముందు ఆ ‘రద్దు’ గడిలో సున్నా వేసేవాళ్లం. ఎంత అబద్ధమో అప్పుడు తెలియదు. సీజీఎస్టీ నియమాల్లో 56(8) కూడా కంప్యూటర్ లెక్కల్లో మార్చిన, తీసేసిన ప్రతి నమోదుకూ చిట్టా ఉండాలంటుంది.

మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరికీ దీన్ని పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను.

చిన్న కుందులు ఒకసారి 70 జతలతో నెల మొదలుపెట్టాం. వస్తువారీ అమ్మకం రిపోర్టు 41 జతలు పోయాయంది. అంటే 29 ఉండాలి. అరలో 33 ఉన్నాయి. సామాను తగ్గితే దొంగతనమనుకుంటాం, పెరిగితే ఏమనుకోవాలి? సాయంత్రమంతా లెక్కపెట్టాను. చివరికి ఆ నాలుగు జతలూ రద్దయిన బిల్లుల్లో దొరికాయి. రద్దు గుర్తు బిల్లు తలలో ఉంటుంది, వస్తువుల వరుసల్లో ఉండదు. రిపోర్టు రాసినవాళ్లు వరుసలను మాత్రమే కూడారు. ఉండాల్సింది ఇది:

```sql
SELECT l.item_id, SUM(l.qty)
FROM bill_lines l
JOIN bills b ON b.id = l.bill_id
WHERE b.voided_at IS NULL
GROUP BY l.item_id;
```

చెరపకుండా దాచే పద్ధతికి ఇదే శాపం. ప్రతి రిపోర్టూ ఆ WHERE గుర్తుపెట్టుకోవాలి. ఒక్కటి మరిచినా తప్పు అంకె నిజమైనదానిలాగే కనిపిస్తుంది. ఫోన్ చేస్తే సరిచేశారు, రద్దుకాని బిల్లులకు వేరే వ్యూ పెట్టి రిపోర్టులన్నీ దాని మీదికి మార్చారు. కానీ అప్పటికే మేం కుందులు అవసరానికి మించి తెప్పించేశాం.

ఇంకో గుర్రు. నవంబర్ 11న అక్టోబర్ జీఎస్టీఆర్-1 వేసేశాక కూడా అక్టోబర్ బిల్లును రద్దు చేయనిచ్చింది. సామాను వాపసు వచ్చిందని మా కుర్రాడు నొక్కేశాడు. మేం వేసిన అంకె ఒకటి, కొట్టులో కనిపించేది ఇంకొకటి అయిపోయింది. అలాంటప్పుడు పాత బిల్లును ముట్టుకోకుండా కొత్త తేదీతో క్రెడిట్ నోట్ ఇవ్వాలి. రిటర్న్ వేసిన నెలకు తాళం పడాలి. ఆ తాళం ఇప్పటికీ రాలేదు, నేనే గోడమీద కాగితం అంటించాను.

తీసుకోవచ్చా అంటే, మాది ఒకే కౌంటర్, రిపోర్టు తేడా వస్తే కూర్చుని వెతికే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మూడు నాలుగు కౌంటర్లుండి లెక్కలు బయట ఇచ్చేవాళ్లయితే, కొనేముందు ఒక బిల్లు రద్దు చేయించి అన్ని రిపోర్టులూ తెరిపించి చూడండి. మాకైతే మార్చే ఉద్దేశం లేదు.

కారణం రాయమంటే మొదట్లో కుర్రాళ్లు గడిలో నోటికొచ్చిన అక్షరాలు కొట్టేవాళ్లు. ఇప్పుడు జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ అక్టోబర్‌లో రద్దయిన 23 బిల్లుల్లో ధర తప్పు 5, యూపీఐ రాలేదు 4, వస్తువు మారింది 3. మిగిలిన పదకొండుకూ కారణం ఒకటే మాట: బస్సు. ఆడిటర్ ఈసారి నవ్వారు.