అమెరికాకు ఫీజు పంపాలంటే: కమీషన్ తక్కువున్న బ్యాంకా, రేటు తక్కువున్న సంస్థా?

పిల్లల సెమిస్టర్ ఫీజు కట్టే నెల వస్తే చాలు, తల్లిదండ్రులంతా ఒకటే అడుగుతారు: కమీషన్ ఎక్కడ తక్కువ? నన్నడిగితే ముందు చూడాల్సింది కమీషన్ కాదు, రసీదులో డాలర్ పక్కన వేసిన రేటు.

5,000 డాలర్లు పంపుతున్నామనుకుందాం. ఆ నిమిషంలో మార్కెట్ రేటు 86 రూపాయలు (అంకెలు లెక్క కోసం వేసుకున్నవే). బ్యాంకు బ్రాంచి 500 కమీషన్ తీసుకుని డాలర్‌ను 87.50కి ఇస్తోంది. ఆన్‌లైన్ ఫారెక్స్ సంస్థ 1,500 తీసుకున్నా 86.40కే ఇస్తోంది. బ్యాంకు డాలర్‌కు వేసుకున్న రూపాయిన్నర ఏ వరసలోనూ విడిగా కనబడదు గానీ, మొత్తం 7,500 అయింది. సంస్థ వేసుకున్నది 2,000.

కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం. డాలర్ కొన్నందుకు ఇంకో జీఎస్టీ ఉంటుంది. అది మొత్తాన్ని బట్టి శ్లాబుల్లో పడుతుంది కాబట్టి బ్యాంకులో 484, సంస్థలో 479. దాని గురించి బేరమాడి లాభం లేదు. పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, టీసీఎస్, పడితే ఈ లెక్కలోకి తేవద్దు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

ఇక అవతల ఎంత చేరిందో చూడాలి. డబ్బు పంపుతూ బ్యాంకు అవతలికి పెట్టిన సందేశం నకలు, అంటే స్విఫ్ట్ కాపీ, అడిగి తీసుకోండి. అందులో చార్జీలు ఎవరివో చెప్పే చోట SHA లేదా SHAR అని ఉంటే దారిలోని బ్యాంకు తన చార్జీ కోసుకోవచ్చు. 20 డాలర్లు తగ్గినా యూనివర్సిటీ ఖాతాలో బాకీ అలాగే కనిపిస్తుంది. OUR లేదా DEBT అని ఉంటే ఆ చార్జీ మనదే, అక్కడికి పూర్తిగా చేరాలి.

అసలు ఖర్చు తేల్చే సూత్రం ఒక్కటే: ఖాతాలోంచి పోయిన రూపాయల్లోంచి, అవతల చేరిన డాలర్లను మార్కెట్ రేటుతో హెచ్చవేసి తీసేయండి. బ్యాంకు దారిలో 4,38,574 పోయి 4,980 డాలర్లు చేరాయి. ఖర్చు 10,294, అంటే సుమారు 2.4 శాతం. సంస్థ దారిలో 4,34,249 పోయి 5,000 పూర్తిగా చేరాయి. ఖర్చు 4,249, ఒక శాతం లోపే. మార్కెట్ రేటు మాత్రం రేటు బుక్ చేసిన సమయానిదే తీసుకోవాలి. సాయంత్రం రేటుతో పోలిస్తే ఆ రోజు రూపాయి కదలిక కూడా ఖర్చులో కలిసిపోతుంది.

అందుకే ఫీజంత పెద్ద మొత్తానికి నా ఓటు రేటు తక్కువున్న చోటికే. చిన్న మొత్తాలకు లెక్క తిరగబడుతుంది: దారి కోత పక్కనబెడితే, పై అంకెలతో 1,070 డాలర్ల లోపు బ్యాంకే చవక. ఫారెక్స్ కార్డు జేబు ఖర్చుకు సరే, ఫీజుకు దాని జోలికి పోవద్దు.

బ్యాంకును వదలడం ఇష్టం లేకపోతే, డబ్బు పంపే దరఖాస్తు, ఫారం A2 మీద సంతకం పెట్టే ముందే బ్రాంచిలో స్పెషల్ రేటు అడగండి. బోర్డు మీద ఉన్నది అందరికీ వేసే రేటు, దాన్నే కార్డు రేటు అంటారు. పెద్ద మొత్తమైతే బ్యాంకులో డాలర్ రేట్లు చూసే ట్రెజరీ విభాగానికి ఫోన్ చేసి తగ్గించే వీలు చాలా బ్యాంకుల్లో ఉంటుంది. పక్కవాళ్ల కొటేషన్ ఫోన్‌లో చూపిస్తే పని ఇంకా తేలిక.