నో-లోడ్, బ్లాక్డ్ రోటర్ టెస్టులు: లాసులకు నమ్మొచ్చు, స్టార్టింగ్ టార్క్‌కు అలాగే వాడొద్దు

పర్లాకిమిడిలో మోటార్ రివైండింగ్ షాపు నాది. ఇటు గుణుపురం, కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం వైపు నుంచి రైసు మిల్లుల మోటార్లే ఎక్కువగా వస్తాయి. లోడ్ పెట్టి టెస్ట్ చేసే డైనమోమీటర్ లాంటివి మా దగ్గర ఉండవు కాబట్టి, కాలేజీలో చదివినట్టు ఈ రెండు టెస్టుల రీడింగులతో కట్టే ఈక్వివలెంట్ సర్క్యూట్‌నే ఏళ్ల తరబడి వాడుతున్నా. ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ ముంచుతుందో ఒక మోటార్ లెక్కతోనే చెప్తాను.

మోటార్: 7.5 కిలోవాట్లు, అంటే మన పది హార్స్‌పవర్, 415 వోల్టులు, డెల్టా, నాలుగు పోల్స్, ప్లేటు మీద 14.5 ఆంప్స్. కాసేపు నడిపి వేడెక్కాక ఆపి, వెంటనే రెండు టెర్మినళ్ల మధ్య డీసీ రెసిస్టెన్స్ కొలిస్తే 1.5 ఓమ్‌లు. సగం చేస్తే స్టార్‌కి మార్చిన లెక్కలో ఫేజుకి స్టేటర్ రెసిస్టెన్స్ R1 = 0.75. చల్లటి మోటార్ మీద కొలిచి ఊరుకోవద్దు, 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకి వెళ్తే రాగి రెసిస్టెన్స్ దాదాపు 23 శాతం పెరుగుతుంది.

నో-లోడ్‌లో 415 వోల్టుల దగ్గర 6.2 ఆంప్స్, 520 వాట్లు. ఈ 520 చూడ్డానికి మామూలుగానే ఉంటుంది గానీ టెస్టు మొత్తంలో నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే, ఎందుకంటే పవర్ ఫ్యాక్టర్ 0.12 కూడా ఉండదు, రెండు వాట్‌మీటర్లు పెడితే ఒకటి దాదాపు 1530 చూపిస్తుంది, రెండోది మైనస్ 1010. రెండు పెద్ద అంకెల మధ్య తేడా అది. ఒక్కో మీటర్‌లో ఒక్క శాతం తప్పున్నా మొత్తంలో పాతిక వాట్లు అటూ ఇటూ పోతాయి, అంటే 520లో 5 శాతం. లో పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్ గానీ మంచి డిజిటల్ పవర్ మీటర్ గానీ లేకపోతే ఈ టెస్టు మొదలుపెట్టకపోవడమే మేలు.

520లోంచి స్టేటర్ రాగి లాస్, 3 × 6.2² × 0.75, దాదాపు 86 వాట్లు తీసేస్తే 434 మిగులుతుంది. ఇందులో ఐరన్ లాస్ ఎంత, బేరింగులు, ఫ్యాన్‌ది ఎంత అన్నది విడదీయడానికి వేరియాక్‌తో వోల్టేజ్ తగ్గిస్తూ రీడింగులు తీసుకోవాలి. 200 వోల్టుల దగ్గర రాగి లాస్ తీసేశాక 193 వచ్చింది. వోల్టేజ్ స్క్వేర్‌ని అడ్డంగా, వాట్లని నిలువుగా పెట్టి గీత గీస్తే సున్నా వోల్టుల దగ్గర 120 తగిలింది. అది ఘర్షణ, గాలి. మిగతా 314 ఐరన్. ఈ భాగానికి మాత్రం నేను పూర్తి మార్కులిస్తా. పాత వైండింగ్ పీకేటప్పుడు కోర్‌ని మరీ ఎర్రగా కాల్చేస్తే స్టాంపింగుల మధ్య ఇన్సులేషన్ పోయి ఈ అంకే ముందు పెరుగుతుంది. రివైండింగ్‌కి ముందు, తర్వాత రెండుసార్లూ తీసి పెట్టుకుంటే దొరికిపోతుంది.

ఇప్పుడు బ్లాక్డ్ రోటర్. షాఫ్ట్‌కి చెక్క అడ్డం పెట్టి వోల్టేజ్ మెల్లగా పెంచితే 88 వోల్టుల దగ్గర 14.5 ఆంప్స్, 920 వాట్లు. రోటర్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి రీడింగ్ రాసుకుని వెంటనే ఆపేయాలి. లెక్క కడితే మొత్తం రెసిస్టెన్స్ 1.46, రియాక్టెన్స్ 3.19. R1 తీసేసి, మాగ్నటైజింగ్ శాఖ ప్రభావం కలిపి సరిచేస్తే రోటర్ రెసిస్టెన్స్ R2 = 0.77.

గొడవంతా ఈ 0.77 దగ్గరే. రోటర్ ఆగి ఉన్నప్పుడు అందులో కరెంట్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, నడుస్తున్నప్పుడు రెండు హెర్ట్జ్‌కి అటూ ఇటూ. లోతైన బార్లున్న రోటర్లో 50 హెర్ట్జ్ దగ్గర కరెంట్ బార్ పైభాగానికి ఎక్కేసి రెసిస్టెన్స్ పెంచి చూపిస్తుంది. ఈ R2తో ఫుల్ లోడ్ స్పీడ్ కడితే 1434 వచ్చింది. మిల్లులో లోడ్ సర్ది కరెంట్ 14.5 దాకా తెచ్చి టాకోమీటర్ పెడితే 1446. పన్నెండు తిరుగుళ్లే కదా అనుకోవద్దు, స్లిప్ 4.4 శాతమా 3.6 శాతమా అన్నది తేడా. స్టాండర్డుల్లో బ్లాక్డ్ రోటర్ టెస్ట్ పావు ఫ్రీక్వెన్సీ దగ్గర చేయమన్నది అందుకే. నా దగ్గర అలాంటి సప్లై లేదు, డ్రైవ్‌తో ఇద్దామంటే దాని హార్మోనిక్స్‌కి నా మీటర్ తికమకపడుతుంది. అందుకని కొలిచిన స్లిప్‌కి సరిపోయేదాకా R2 తగ్గించుకుంటూ వస్తా. ఈ మోటార్‌కి 0.63 దగ్గర కుదిరింది. స్పీడ్ కొలిచేటప్పుడే ఫ్రీక్వెన్సీ కూడా చూడండి. సప్లై 49.9 అయితే సింక్రనస్ స్పీడ్ 1497, అప్పుడు 1446కి స్లిప్ 3.4 శాతమే.

దీనితో ఫుల్ లోడ్ లాసులు: స్టేటర్ 473, రోటర్ 290, ఐరన్ 314, ఘర్షణ 120, స్ట్రే లోడ్ లాస్‌కి ఐఈసీ ఫార్ములా ప్రకారం 180. మొత్తం 1377, ఎఫిషియెన్సీ 84.5 శాతం. సరిచేయని R2తో అయితే రోటర్ లాస్ 360, ఎఫిషియెన్సీ 83.8. అంటే కరెంటు బిల్లు లెక్కకి పాత R2 కూడా పెద్దగా చెడగొట్టదు. స్ట్రే లాస్ మాత్రం ఈ టెస్టుల్లో ఎక్కడా కనిపించదు, ఊహించి కలపాల్సిందే, అది గుర్తుంచుకోండి.

స్టార్టింగ్ టార్క్‌కి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ 0.77నే వాడాలి, 0.63 వాడితే తక్కువ చూపిస్తుంది. అయినా లెక్క కుదరదు. సర్క్యూట్ ప్రకారం 68 ఆంప్స్, 66 న్యూటన్ మీటర్లు. డైరెక్ట్‌గా స్టార్ట్ చేసి క్లాంప్ మీటర్‌తో చూసి 415 వోల్టులకి సరిచేస్తే కరెంట్ 85 ఆంప్స్ దగ్గరుంది. పూర్తి వోల్టేజ్‌లో స్లాట్ పళ్ల చివర్లు సాచురేట్ అయి లీకేజ్ రియాక్టెన్స్ పడిపోతుంది, 88 వోల్టుల టెస్టుకి అది తెలీదు. కరెంట్ స్క్వేర్ మీద లెక్క కడితే టార్క్ 100 దాకా పోతుంది, ఫుల్ లోడ్ టార్క్ 49.5కి రెట్టింపు.

దీన్ని చూసి స్టార్-డెల్టా స్టార్టర్‌లో మూడో వంతు, అంటే 33 వస్తుందని మిల్లు ఓనర్‌కి మాటిచ్చేయకండి. స్టార్‌లో వైండింగ్ మీద 240 వోల్టులే పడతాయి, అంత సాచురేషన్ ఉండదు. అప్పుడు పాత లెక్కే దగ్గర, 66లో మూడో వంతు 22. అసలు విలువ 22కీ 33కీ మధ్యన ఎక్కడో ఉంటుంది. దానిమీద సాయంత్రం మిల్లు దగ్గర వోల్టేజ్ 350కి పడితే ఇంకో 29 శాతం పోతుంది, 22 కాస్తా 16 దగ్గరికి వచ్చేస్తుంది. హల్లర్‌లో వడ్లు ఉండగా ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మోటార్ స్టార్‌లోనే గుర్రుమంటూ నిలబడిపోయేది, టైమర్ డెల్టాకి మార్చగానే ఓవర్‌లోడ్ రిలే కొట్టేసేది దీనివల్లే. ఓనర్ వచ్చి వైండింగ్ బాగోలేదని నామీద ఎగురుతాడు. ఇప్పుడు నేను 22 అంకె, అతని మీటర్ బోర్డులో సాయంత్రం వోల్టేజ్ చూపించి, హల్లర్ ఖాళీ చేశాకే స్టార్ట్ చేయమంటున్నా.