ఒకవైపు ఒరిగిన డేటాకు సగటు కట్టాలంటే ఏది మేలు: 1.96 సూత్రమా, బూట్‌స్ట్రాపా, రెండు భాగాల లెక్కా?

ఒక షాపు ఫోన్లకు వారంటీ అమ్ముతోందనుకుందాం. నూటికి ఒక ఫోన్ పాడవుతుంది, దాన్ని మార్చి ఇవ్వడానికి 10,000 రూపాయలవుతుంది. మిగతా 99 ఫోన్లకు ఖర్చే లేదు. అంటే ఫోన్‌కు సగటు ఖర్చు 100 రూపాయలు. కానీ ఈ సంగతి షాపువాళ్లకు తెలియదు, వాళ్ల చేతిలో ఉన్నది 30 ఫోన్ల రికార్డు మాత్రమే. వారంటీ ధర ఎంత పెట్టాలి?

చాలామంది ముందుగా పట్టుకునేది ‘సగటు ± 1.96 × స్టాండర్డ్ ఎర్రర్’ సూత్రం. అసలు సగటు ఏ హద్దుల మధ్య ఉంటుందో 95 శాతం నమ్మకంతో చెప్పడానికి దీన్ని వాడతారు. స్టాండర్డ్ ఎర్రర్ అంటే శాంపిల్ సగటు ఎంత అటూఇటూ ఊగుతుందన్న కొలత. డేటా ఎంత ఒరిగి ఉన్నా, శాంపిల్ 30కి చేరితే సగటు నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో, ఉంటుందని క్లాసులో చెప్పే మాటే దీనికి ఆధారం. ఆ మాటలో నిజం ఉంది. శాంపిల్ సగటు బాగా పైకి పోవాలంటే చాలా విలువలు ఒకేసారి పెద్దవిగా రావాలి, అది అరుదు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి కలిసి మధ్యలో పడే దారులే ఎక్కువ. లెక్కలో చెప్పాలంటే, సగటుకున్న స్క్యూనెస్, అంటే ఎంత ఒరిగిందన్న కొలత, అసలు డేటా స్క్యూనెస్‌ను √n తో భాగించినంత. n అంటే శాంపిల్‌లోని విలువల సంఖ్య. బస్సు కోసం ఎదురుచూసే సమయం ఎక్స్‌పొనెన్షియల్ పద్ధతిలో ఉంటే దాని స్క్యూనెస్ 2. 30 సమయాల సగటుకు అది 0.37కి తగ్గుతుంది. అక్కడ గంట ఆకారం దాదాపు వచ్చేస్తుంది, సూత్రం బాగానే పనిచేస్తుంది.

మన ఫోన్ల ఖర్చుకు స్క్యూనెస్ దాదాపు 10. దాన్ని అదే 0.37కి దించాలంటే సుమారు 730 ఫోన్లు కావాలి. 30 అన్న అంకెకు సొంతంగా ఏ మహిమా లేదు, డేటా ఎంత ఒరిగిందన్నదే తేల్చుతుంది. 30 ఫోన్లలో ఒక్కటీ పాడవకపోయే అవకాశం 0.99³⁰, అంటే 74 శాతం. అప్పుడు సగటు సున్నా, స్టాండర్డ్ ఎర్రర్ సున్నా. ఖర్చు కచ్చితంగా సున్నా అని సూత్రం చెబుతుంది! ఒక ఫోన్ పాడైతే సగటు 333, స్టాండర్డ్ ఎర్రర్ కూడా 333. అంచనా −320 నుంచి 987 దాకా వస్తుంది. ఖర్చు మైనస్‌లో ఉండదు కదా. హద్దు ఇలా అసాధ్యమైన చోటికి పోతే, గంట ఆకారం ఇంకా రాలేదని అర్థం.

బూట్‌స్ట్రాప్‌లో ఉన్న 30 రికార్డుల్లోంచే, తీసింది తిరిగి పెడుతూ, మళ్లీ మళ్లీ 30 చొప్పున తీసి సగటు కడతాం. నార్మల్ ఆకారం ఉండాలని ఇది అడగదు. ఒక ఫోన్ పాడైన శాంపిల్‌కు 0 నుంచి 1,000 అని ఇస్తుంది, మైనస్ గొడవ పోయింది. ఆ మేరకు సూత్రం కంటే మెరుగే. కానీ 30 సున్నాలే చేతికొస్తే అందులోంచి ఎన్నిసార్లు తీసినా సున్నాలే. శాంపిల్‌లో కనబడని పెద్ద ఖర్చును బూట్‌స్ట్రాప్ కల్పించలేదు. చాలామంది దీన్ని సర్వరోగ నివారిణిలా వాడడం నాకు ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే అసలు ప్రమాదం ఉన్నచోటే ఇది కూడా గుడ్డిది.

మధ్యగతం సంగతి ఒక్క మాటలో: ఇక్కడ అది ఎప్పుడూ సున్నా. మామూలు కస్టమర్ ఖర్చు తెలుసుకోవడానికి మంచిదే, వారంటీ ధర కట్టడానికి పనికిరాదు.

మూడో దారిలో ‘ఎంత తరచుగా పాడవుతుంది’, ‘పాడైతే ఎంత ఖర్చు’ అని విడగొడతాం. బీమా లెక్కల్లో ఇది పాత పద్ధతే. రెండోది మనకు తెలుసు, 10,000. మొదటిదానికి, ఇన్నిట్లో ఎన్ని పాడవుతాయని లెక్కగట్టే బైనామియల్ పద్ధతి కచ్చితమైన హద్దులు వాడితే, 30లో సున్నా వచ్చినా పాడయ్యే రేటు 11.6 శాతం దాకా ఉండొచ్చని వస్తుంది. అంటే సగటు ఖర్చు 0 నుంచి 1,160. ఒకటి పాడైతే 8 నుంచి 1,720. ఈ హద్దులు చాలా వెడల్పు, నిజమే. కానీ 30 ఫోన్లు చెప్పగలిగింది అంతే, మిగతా రెండు పద్ధతులు తమకు తెలియనిది తెలిసినట్టు చెప్పాయి. నా ఓటు దీనికే. ఎదురుచూసే సమయాల్లాంటి డేటాకైతే మాత్రం 1.96 సూత్రమే చాలు, ఇంత శ్రమ అక్కర్లేదు.

ఖర్చుకు పైహద్దు తెలియనప్పుడు ఈ మూడో దారీ ఇరుకున పడుతుంది. వేరియన్స్, అంటే విలువలు ఎంత చెదిరాయన్న కొలత, అనంతమైన డేటాలో ఒక్క విలువే మొత్తాన్ని మింగేస్తూ ఉంటుంది, n పెంచినా గంట ఆకారం రాదు. అలాంటి డేటాకు ఉదాహరణైన కోషీ డిస్ట్రిబ్యూషన్‌లో వెయ్యి విలువల సగటు ఒక్క విలువ ఎంత చెదురుతుందో అంతే చెదురుతుంది.

ఫోన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడవుతాయని మూడు పద్ధతులూ నమ్ముతాయి, ఇది అందరూ మరిచిపోయే చోటు. అన్నీ ఒకే చెడ్డ బ్యాచ్‌లోవైతే ఆ నమ్మకం చెల్లదు. ఏ రెండు ఫోన్ల మధ్యనైనా కోరిలేషన్ 0.1 ఉంటే, 1,000 ఫోన్ల సగటుకు వేరియన్స్ 1 + 999 × 0.1, అంటే దాదాపు 101 రెట్లు పెరుగుతుంది. ఆ వెయ్యి రికార్డులు విడివిడిగా ఎంచిన పది రికార్డుల పాటి చేస్తాయి. అందుకే అంకెలు లెక్కించే ముందు ఫోన్ల వెనక ఉన్న బ్యాచ్ నంబర్లు చూడాలి, హద్దులు కట్టడానికి ఫోన్లను కాక బ్యాచ్‌లను లెక్కలోకి తీసుకోవాలి.